పొద్దు తిరిగే రోజును ఎలా పట్టుకున్నారు

కార్తీకంలో కడవలు కడిగే పొద్దుండదు, మార్గశిరంలో మాటలాడే పొద్దుండదు అని సామెత. సూర్యుడు దక్షిణం నుంచి ఉత్తరానికి మళ్లే రోజు, అన్నిటికంటే చిన్న పగలు, డిసెంబరు 21న గానీ 22న గానీ వస్తుంది. మరి సామెత కార్తీకం నుంచే ఎందుకు మొదలుపెట్టింది? హైదరాబాద్‌లో సూర్యుడు అన్నిటికంటే తొందరగా అస్తమించేది డిసెంబరులో కాదు, నవంబరు చివరి వారం ప్రాంతంలో. అన్నిటికంటే ఆలస్యంగా ఉదయించేది జనవరి మూడో వారం ప్రాంతంలో. డిసెంబరు చివర్లో సూర్యుడు నడినెత్తి గీతను దాటే వేళ గడియారం ప్రకారం రోజుకు సుమారు అర నిమిషం ఆలస్యమవుతూ ఉంటుంది. అందుకని ఉదయమూ సాయంత్రమూ ఒకే రోజున మలుపు తిరగవు. సాయంత్రం పనులు ముగించుకునే ఇల్లాలికి పొద్దు చాలకపోవడం కార్తీకంలోనే తెలిసిపోతుంది. సామెత చూసి చెప్పినదే.

దీన్నిబట్టి ఒక సంగతి అర్థమవుతుంది. పగలు ఎంత పొడుగుందో, చలి ఎంతుందో గమనిస్తూ కూర్చుంటే సూర్యుడు తిరిగే రోజు దొరకదు. ప్రకృతినే పంచాంగంగా పెట్టుకున్న పాత సమాజాలు దాన్ని పట్టుకున్నది వేరే దారిలో. ఒకే చోట నిలబడి, సూర్యుడు నేల అంచున ఏ చోటునుంచి లేస్తున్నాడో ప్రతి ఉదయం గుర్తు పెట్టుకోవడమే ఆ దారి.

మార్చి 20, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున లేస్తాడు. జూన్‌లో ఈశాన్యం వైపు, డిసెంబరులో ఆగ్నేయం వైపు జరుగుతాడు. ఎంత దూరం జరుగుతాడన్నది మనం ఎక్కడున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో తూర్పుకు అటు ఇరవైనాలుగున్నర డిగ్రీలు, ఇటు ఇరవైనాలుగున్నర. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు పది డిగ్రీలు ఉంటుంది కాబట్టి, ఏడాది మొత్తంలో సూర్యుడి ఊగు ఐదు పిడికిళ్లు. అదే దక్షిణ ఇంగ్లండ్‌లోని పాత రాతి వలయం స్టోన్‌హెంజ్ దగ్గర ఎనిమిది పిడికిళ్లు. ఉత్తరానికి పోయేకొద్దీ ఊగు పెరుగుతుంది, పగలూ రాత్రుల తేడా కూడా పెరుగుతుంది. హైదరాబాద్‌లో జూన్ పగటికీ డిసెంబరు పగటికీ తేడా దాదాపు రెండు గంటలే. స్టోన్‌హెంజ్ దగ్గర ఎనిమిది గంటలకు పైనే. చలిదేశాల్లో డిసెంబరు మలుపు అంత పెద్ద పండుగ కావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో చూద్దాం. మార్చిలో సూర్యోదయపు చోటు రోజుకు సుమారు 0.4 డిగ్రీ జరుగుతుంది. సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ. అంటే నిన్న ఒక తాటిచెట్టు ఎడమ పక్కన లేచిన సూర్యుడు ఇవాళ దాదాపు తన వెడల్పంత పక్కకు జరిగి కనిపిస్తాడు. పసిపిల్లవాడైనా గుర్తుపడతాడు. డిసెంబరు 21 దగ్గరపడేకొద్దీ ఆ జరుగుడు మందగిస్తుంది. మలుపుకు పది రోజుల ముందు సూర్యుడు తన ఆఖరి చోటుకు 0.4 డిగ్రీ దూరంలోనే ఉంటాడు. అంటే ఆ పది రోజుల నడకంతా కలిపినా మార్చిలో ఒక్క రోజు నడకతో సమానం. మలుపుకు ముందు రోజుకూ మలుపు రోజుకూ ఉన్న తేడాను ఏ కన్నూ పట్టలేదు. లాటిన్‌లో ఈ రోజుకున్న పేరుకు అర్థమే ‘సూర్యుడు నిలబడటం’.

కాబట్టి పండుగ చేసుకోవలసిన రోజే కంటికి అన్నిటికంటే తక్కువగా ఆనే రోజు. పాత పద్ధతులన్నిటి వెనకా ఉన్న సమస్య ఇదే.

రెండు గుర్తుల మధ్య సగం

దీనికి దొరికిన ఉపాయం చాలా సులువైనది. సూర్యుడు నిలబడే చోటును చూడటం మానేసి, ఇంకా చురుగ్గా నడుస్తున్న చోట ఒక గుర్తు పెట్టుకోవాలి. దక్షిణంగా వెళ్తూ సూర్యుడు ఆ గుర్తును దాటిన రోజు ఒకటి, తిరిగొస్తూ అదే గుర్తును తాకిన రోజు ఒకటి. మధ్యలో ఎన్ని రోజులయ్యాయో లెక్కపెట్టి సగం చేస్తే మలుపు రోజు వస్తుంది.

హైదరాబాద్‌లో ఒక డాబా మీదనుంచి చేసినట్టు లెక్క వేద్దాం. పిట్టగోడ మీద సుద్దతో ఒక గీత, గడ్డం ఆనించడానికి. ఎదురుగా ఆగ్నేయాన చాలా దూరంలో ఒక గుట్ట కొన. డిసెంబరు 1 ఉదయం సూర్యబింబం పైఅంచు సరిగ్గా ఆ కొన మీద మెరిసింది. తరవాత రోజూ కుడివైపుకు జరుగుతూ పోయింది, నెమ్మదించింది, ఎక్కడ ఆగిందో తెలియకుండానే ఆగి వెనక్కి మళ్లింది. జనవరి 11న మళ్లీ అదే కొన మీద మెరిసింది. మధ్యలో 41 రోజులు. సగం ఇరవైన్నర. డిసెంబరు 1కి కలిపితే డిసెంబరు 21 సాయంత్రం. సూర్యుడు నిజంగా తిరిగేది అప్పుడే. పరికరం ఒక గుట్ట, ఒక సుద్దగీత, ఒక దారానికి వేసిన 41 ముడులు.

ఈ పద్ధతిలో పొరపాట్లు ఎక్కడ వస్తాయో కూడా తెలియాలి. గుర్తు దగ్గరగా ఉండటం మొదటి తప్పు. నూరు మీటర్ల దూరంలోని కరెంటు స్తంభాన్ని గుర్తుగా పెట్టుకుని మనిషి ఒక మీటరు పక్కకు నిలబడితే, స్తంభం సూర్యబింబం వెడల్పు కంటే ఎక్కువ పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. లెక్క ఒకటి రెండు రోజులు తప్పుతుంది. గుర్తు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంటే మీటరు తేడా పెద్ద లెక్కలోది కాదు. రెండోది, బింబంలో ఏ భాగాన్ని చూస్తున్నామన్నది. మొదటిసారి పైఅంచు మెరుపును, రెండోసారి నిండు బింబాన్ని చూస్తే లెక్క చెడుతుంది. మూడోది మంచు, మబ్బు. మన దగ్గర డిసెంబరు, జనవరి ఉదయాల్లో నేల అంచున మంచు తెర కట్టి, సూర్యుడు రెండు మూడు డిగ్రీలు పైకొచ్చాకే కనిపించే రోజులు చాలా ఉంటాయి. అంత పైకి వచ్చేసరికి అతను వాలుగా పక్కకు కూడా జరిగి ఉంటాడు. అందుకే ఒక్క గుర్తును నమ్ముకోకుండా రెండు మూడు గుర్తులు పెట్టుకోవడం మంచిది. ఒకటి మబ్బులో పోయినా ఇంకొకటి మిగులుతుంది. రెండు తేదీల్లో ఒకదానిలో ఒక రోజు పొరపాటు జరిగినా సగం చేయడం వల్ల చివరికి అర రోజు తప్పే వస్తుంది. ఈ పద్ధతి అంత గట్టిగా నిలబడటానికి కారణం అదే.

నీడతోనూ ఇదే కథ. మీటరు పొడవున్న కర్రను నిటారుగా పాతి మధ్యాహ్నపు నీడ కొలిస్తే, హైదరాబాద్‌లో మలుపు రోజున అది సుమారు 86 సెంటీమీటర్లు. పది రోజుల ముందు దానికంటే ఒక సెంటీమీటరే తక్కువ. సూర్యుడు చుక్క కాదు, బింబం. అందువల్ల నీడ కొస మసకబారి ఒకటిన్నర సెంటీమీటర్ల మేర అలుక్కుపోయి ఉంటుంది. పది రోజుల తేడా ఆ మసకలోనే కలిసిపోతుంది. ఇక్కడా సగం చేయడమే దిక్కు. జూన్ మలుపుకు మాత్రం తెలుగు నేలకు ఒక వరం ఉంది. కర్కట రేఖకు దక్షిణాన ఉండటం వల్ల సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారు కర్రకు నీడే ఉండదు. హైదరాబాద్‌లో ఆ రోజులు మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో వస్తాయి. మధ్యలో 86 రోజులు, సగం 43. మే 9కి 43 కలిపితే జూన్ 21. నీడ మాయమవడం కంటే స్పష్టమైన గుర్తు ఇంకేం కావాలి?

గుర్తు పెట్టుకుని చూసే ఈ దారి మన పుస్తకాల్లోనూ ఉంది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో సూర్యుడి నడక గురించి చెబుతూ, పూర్వశాస్త్రాల్లో ఉత్తరాయణం ధనిష్ఠ మొదట్లో జరిగేదని ఉందని, ఇప్పుడు మాత్రం మకరం మొదట్లో జరుగుతోందని తేల్చి చెప్పాడు. అంతటితో ఆగలేదు. పాత మాట నిజమో కొత్త మాట నిజమో ప్రత్యక్షంగా పరీక్షించి తెలుసుకోవాలన్నాడు. ఆ పరీక్షకు రెండు దారులు చూపాడు. ఒకటి, ఉదయాన గానీ అస్తమయాన గానీ దూరంలో ఉన్న గుర్తుతో సూర్యుణ్ణి గురిపెట్టి చూడటం. రెండోది, పెద్ద వృత్తం గీసి అందులోకి నీడ ప్రవేశించే చోటు, బయటికి వెళ్లే చోటు గుర్తుపెట్టడం. ‘దూరస్థ చిహ్న వేధ’ అన్నది ఆయన మాట. ఆ మాటలో ‘దూరస్థ’ అన్న పదం ఊరికే పడలేదు. డాబా మీద చూసిన మొదటి తప్పుకు మందు అదే.

కొండ మీద పదమూడు బురుజులు

గుర్తుకు గుట్ట దొరకని చోట గుర్తులనే కట్టుకున్నవాళ్లున్నారు. పెరూ దేశపు తీరానికి దగ్గర, కాస్మా లోయలోని చాంకిల్యో దగ్గర ఒక చిన్న గుట్ట వెన్ను మీద పదమూడు రాతి బురుజులు వరసగా నిలబడి ఉన్నాయి. వరస పొడవు సుమారు 300 మీటర్లు, ఉత్తరం నుంచి దక్షిణానికి. వయసు 2,200 ఏళ్లకు పైనే. అవి దేనికోసమో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 2007లో ఇవాన్ గెజ్జి, క్లైవ్ రగల్స్ అనే ఇద్దరు పరిశోధకులు అది ఏడాది పొడవునా పనిచేసే సూర్యపంచాంగమని చూపించారు. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

దాని పనితీరు చూస్తే కట్టినవాళ్ల మీద గౌరవం కలుగుతుంది. బురుజులకు పడమటగా సుమారు 200 మీటర్ల దూరంలో ఒక కట్టడం ఉంది. దాని పక్కన పొడుగాటి సన్నని నడవ, చివర ఒకే ఒక్క గుమ్మం. ఆ గుమ్మంలో నిలబడితే పదమూడు బురుజులూ తూర్పున పలువరసలా కనిపిస్తాయి. జూన్ మలుపున సూర్యుడు వరసకు ఎడమ కొసన లేస్తాడు, డిసెంబరు మలుపున కుడి కొసన. మిగతా ఏడాదంతా బురుజుల మధ్య సందుల్లోంచి వస్తాడు. వరస మధ్యలో ఒక సందు నుంచి పక్క సందుకు రావడానికి అతనికి సుమారు పది రోజులు పడుతుంది. బురుజులకు తూర్పున కూడా ఇలాంటిదే ఒక చోటుంది, అక్కడినుంచి అస్తమయాలు చూడొచ్చు.

గుమ్మం ఎందుకు అంత ముఖ్యమో డాబా లెక్క గుర్తుంటే వెంటనే తెలుస్తుంది. 200 మీటర్ల దూరంలో ఉన్న బురుజులకు చూసే మనిషి ఒక మీటరు జరిగినా సూర్యబింబంలో సగం తేడా వస్తుంది. ప్రతిసారీ ఒకే చోట నిలబడి తీరాలి. నడవ మనిషిని తిన్నగా ఆ చోటికే తీసుకొస్తుంది. ఆ గుమ్మం దగ్గర తవ్వినప్పుడు కుండలు, గవ్వలవంటి నైవేద్యాలు బయటపడ్డాయి. చూడటమూ పూజ చేయడమూ అక్కడ వేరువేరు పనులు కావన్నమాట. సూర్యుణ్ణి చూసే అధికారం అందరికీ ఉండేది కాదని, నడవలో నడిచే కొద్దిమందిదేనని పరిశోధకుల అభిప్రాయం. పండుగ ఎప్పుడో చెప్పగలిగినవాడి చేతిలో ఎంత అధికారం ఉంటుందో ఆలోచిస్తే అది నమ్మదగిన మాటే.

ఈ పంచాంగానికీ ఒక హద్దుంది. వరస మధ్యలో అది వారం పది రోజుల్ని చక్కగా విడదీస్తుంది. కొసల దగ్గర మాత్రం సూర్యుడు చివరి బురుజు పక్కన వారాల తరబడి నిలబడిపోతాడు. అంటే మలుపు రోజును ఇది కూడా నేరుగా చూపించలేదు. సూర్యుడు ఆఖరి సందును దాటి బయటికి వెళ్లిన రోజు, మళ్లీ లోపలికి వచ్చిన రోజు మాత్రం ఖాయంగా తెలుస్తాయి.

ముందే చాటింపు వేయాలి

పండుగకు ఇంకో ఇబ్బంది ఉంది. సగం చేసే పద్ధతిలో మలుపు ఎప్పుడన్నది మలుపు అయిపోయిన మూడు వారాలకు గానీ తెలియదు. పండుగకు పిండి విసరాలి, కట్టెలు కొట్టాలి, పక్క ఊళ్లకు కబురు పంపాలి. ఉత్తర అమెరికాలోని అరిజోనా మెట్టల మీద ఉండే హోపీలు దీన్ని ఎలా దాటారో 1890ల నుంచి వాళ్ల ఊళ్లలో ఉండి చూసినవాళ్లు రాసిపెట్టారు. వాల్పి ఊళ్లో సూర్యుణ్ణి చూసే పని ఒక పెద్దమనిషిది. చలికాలంలో ఆయన నైరుతి దిక్కున శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాల వైపు అస్తమయాన్ని చూస్తాడు. సూర్యుడు ఆఖరి చోటికి చేరకముందే, ఇంకా కదలిక కంటికి ఆనుతున్నప్పుడే, ఫలానా నొక్కులో దిగిన రోజును పట్టుకుని అక్కడినుంచి రోజులు లెక్కపెట్టి చాటింపు వేయిస్తారు. ఆ గుర్తు నుంచి మలుపుకు ఎన్ని రోజులో ఏళ్లతరబడి చూసినవాళ్లకు తెలుసు. ఒకసారి సగం చేసి తెలుసుకున్న సంఖ్య తరవాతి తరాలకు లెక్కగా అందుతుంది.

అలా పిలిచే పండుగ పేరు సోయాల్. రోజుల తరబడి సాగే ఆ తంతులో ఈకలు కట్టిన ప్రార్థనా పుల్లలు తయారుచేసి పెడతారు. దక్షిణానికి వెళ్లిపోతున్న సూర్యుణ్ణి వెనక్కి మళ్లించడం దాని ఉద్దేశం.

వేసవిలో ఇదే చూపు పొలం పనికి వస్తుంది. తూర్పు అంచున ఒక్కో గుర్తుకు ఒక్కో విత్తనం. ముందుగా వచ్చే మొక్కజొన్న ఒక చోట సూర్యుడు లేచినప్పుడు, గుమ్మడి, పుచ్చ, చిక్కుళ్లు వరసగా తరవాతి చోట్ల, పెద్ద మొక్కజొన్న చివర్లో. జూన్ మలుపుకల్లా నాటు ముగియాలి. అక్కడ ఎత్తు ఎక్కువ, వానలు తక్కువ, మంచు పడని రోజులు ఏడాదిలో నాలుగు నెలలకు అటూఇటూ. మలుపు దాటాక నాటిన మొక్కజొన్న గింజ కట్టేలోపే శరత్కాలపు మంచు మీద పడుతుంది. మరీ ముందు నాటితే వసంతపు చలికి మొలక మాడుతుంది. నాటే తీరు కూడా ఆ నేలకు తగ్గదే. ఇసుక నేలలో జానెడు లోతుకు, ఒక్కోచోట ఇంకా లోతుకు, తడి తగిలేదాకా మొన కర్రతో గుంట చేసి, ఒక్కో గుంటలో పదికి పైగా గింజలు వేస్తారు. కొన్ని ఎలుకలకు, కొన్ని పురుగులకు, మిగిలినవి మనకు. ఈ సేద్యంలో మలుపు రోజు పండుగకు ముహూర్తం మాత్రమే కాదు, నాటుకు ఆఖరి గడువు కూడా.

ఐర్లండ్‌లోని న్యూగ్రేంజ్ మాత్రం ఈ పట్టికలో ఇమడదు. బోయిన్ లోయలో సుమారు 5,200 ఏళ్ల కిందట కట్టిన సమాధి గుట్ట అది. 19 మీటర్ల రాతి సొరంగం, చివర గది, వాకిలి పైన ఒక రాతి గూడు. ఆ గూట్లోని చీలిక గుండా డిసెంబరు మలుపు ఉదయాన సూర్యకిరణం లోపలి గదిదాకా పాకుతుంది. సొరంగం నేల లోపలికి పోయేకొద్దీ రెండు మీటర్లు ఎత్తవుతుంది కాబట్టి గది నేల చీలికకు దాదాపు సమానంగా ఉంటుంది. అంత తక్కువ ఎత్తులో వచ్చే వెలుగు వాకిలి గుండా అంతదూరం పోలేదు, చీలిక గుండా మాత్రమే పోగలదు. తవ్వకాలు జరిపిన మైకెల్ ఓకెల్లీ 1967 డిసెంబరు 21న లోపల కూర్చుని దీన్ని కళ్లారా చూశాడు. వెలుగు 17 నిమిషాలు ఉంటుంది. ఇప్పుడది సూర్యోదయమైన నాలుగు నిమిషాలకు మొదలవుతుంది. కట్టినప్పుడు సూర్యోదయంతోనే మొదలయ్యేది. భూమి అక్షం వాలు అప్పటికంటే ఇప్పుడు అర డిగ్రీ తగ్గడమే ఈ తేడాకు కారణం. అయితే ఈ కిరణం డిసెంబరు 19 నుంచి 23 దాకా ప్రతి ఉదయమూ వస్తుంది. రోజును కనిపెట్టడానికి అది పనికిరాదు. రోజు ఎప్పుడో ముందే తెలిసినవాళ్లు, ఆ రోజున చనిపోయినవాళ్ల దగ్గరికి వెలుగు రావాలని కోరుకుని కట్టిన ఇల్లు అది. చీలికను మూసిన తెల్లటి స్ఫటికపు రాయిని జరిపి జరిపి పడిన గీతలు అక్కడ కనిపించాయి. ఎవరో దాన్ని మళ్లీ మళ్లీ తెరిచారు, మూశారు.

చూడటం మానేసి లెక్క మొదలుపెట్టాక

ఆకాశాన్ని చూసినన్నాళ్లూ పండుగ సూర్యుడితోనే ఉంది. పంచాంగాన్ని చూడటం మొదలయ్యాక జారిపోయింది. రోమన్ల లెక్కలో మలుపు డిసెంబరు 25. వాళ్ల జూలియన్ పంచాంగంలో ఏడాది అసలుకంటే 11 నిమిషాలు ఎక్కువ. 128 ఏళ్లకు ఒక రోజు తేడా. పద్నాలుగో శతాబ్దానికి అసలు మలుపు ఆ పంచాంగంలో డిసెంబరు 13కు వచ్చి చేరింది. అది క్రైస్తవుల సెయింట్ లూసియా పండుగ రోజు. స్వీడన్, నార్వే దేశాల్లో లూసియా రాత్రే ఏడాదిలో అతి పొడుగు రాత్రి అన్న నమ్మకం ఆ కాలానికి నిజమే. 1582లో పోప్ గ్రెగరీ చేసిన సంస్కరణ పంచాంగం నుంచి పది రోజులు తీసేసింది. మలుపు 21, 22 తేదీలకు చేరింది, పొడుగు రాత్రి అన్న పేరు మాత్రం 13వ తేదీ దగ్గరే ఉండిపోయింది. పెరూలోని కుస్కోలో ఇంకాల సూర్యోత్సవం ఇంతి రాయ్మిని 1944లో మళ్లీ మొదలుపెట్టినప్పటి నుంచి జూన్ 24న చేస్తున్నారు, మలుపు దాటిన మూడు రోజులకు.

మన సంక్రాంతి జారిన తీరు వేరు. అక్కడ ఏడాది పొడవు తప్పింది, ఇక్కడ ఏడాదిని కొలిచే గుర్తు వేరు. మకర సంక్రమణం అంటే నక్షత్రాల మధ్య సూర్యుడు మకరరాశిలోకి రావడం. ఉత్తరాయణం అంటే నేల అంచున సూర్యుడు ఉత్తరానికి మళ్లడం. నక్షత్రాలను బట్టి లెక్కించే ఏడాది ఋతువులను బట్టి లెక్కించే ఏడాది కంటే 20 నిమిషాలు పెద్దది. డెబ్బై ఏళ్లు దాటితే ఒక రోజు. మూడో శతాబ్దం చివరి ప్రాంతంలో ఈ రెండూ ఒకే రోజున పడేవి. వరాహమిహిరుడి నాటికీ దాదాపు కలిసే ఉన్నాయి, అందుకే ఆయన మకరం మొదట్లో అన్నాడు. ఇవాళ తేడా 24 రోజులు. ఈ జారుడును ఒక తెలిసిన తేదీతో సరిచూడొచ్చు. స్వామి వివేకానంద పుట్టింది సంక్రాంతినాడు, 1863 జనవరి 12న. 2024లో సంక్రాంతి జనవరి 15న వచ్చింది. ఆ మూడు రోజుల్లో రెండుకు పైగా నక్షత్రాల లెక్క వల్ల వచ్చినవి, ఒకటి 1900 లీపు సంవత్సరం కాకపోవడం వల్ల వచ్చింది. 1957 నుంచి అమల్లో ఉన్న జాతీయ పంచాంగం మాత్రం ఋతువుల ఏడాదినే తీసుకుంది. అందులో పుష్య మాసం డిసెంబరు 22న మొదలవుతుంది, సూర్యుడు తిరిగిన వెంటనే.

అయితే సంక్రాంతిని మలుపు రోజుకు లాగి పెట్టాలన్న వాదన పండుగలో సగాన్నే చూస్తుంది. ఐర్లండ్‌లో డిసెంబరులో పొలంలో ఏమీ ఉండదు. అక్కడ కోత పండుగ లూనసా ఆగస్టు మొదట్లో, మలుపులతో సంబంధం లేకుండా వస్తుంది. తెలుగు నేలమీద రెండూ ఒకచోట కలిశాయి. కృష్ణా గోదావరి డెల్టాల్లో సార్వా వరి నవంబరు, డిసెంబరుల్లో కోసి, కుప్ప వేసి, నూర్చి, గింజ ఇంటికి చేరేసరికి సంక్రాంతి వస్తుంది. వరి పండేది వానలను బట్టి, వానలు ఋతువులను బట్టి. మలుపు వచ్చే డిసెంబరు 21న, ధనుర్మాసం మొదట్లో, రైతు ఇంకా కళ్లంలోనే ఉంటాడు. నెలగంట పెట్టి ముగ్గులు మొదలైన ఆ నెలంతా పండుగకు తయారవడమే. మూడు వారాల జారుడు పండుగను సూర్యుడి నుంచి దూరం చేసినా గాదె దగ్గరికే తెచ్చింది.

సూర్యుడి లెక్కలోనూ ఆ తేదీకి ఒక అర్థం మిగిలే ఉంది. భోగి మంట చుట్టూ చేరిన తెల్లవారుజామున, డాబా మీద అదే సుద్దగీత దగ్గర నిలబడి చూడండి. డిసెంబరు 21న సూర్యుడు లేచిన చోటుకు ఎడమగా ఇప్పుడు రెండు డిగ్రీలకు పైగా జరిగి ఉంటాడు. నాలుగు సూర్యబింబాలను పక్కపక్కన పేర్చినంత దూరం, చాపిన చేతికి రెండు చిటికెన వేళ్ల వెడల్పు. డిసెంబరులో ఏ కంటికీ ఆనని మలుపు ఈ రోజున గుర్తు పెట్టుకున్న ఎవరికైనా కనిపిస్తుంది. రెండు రోజుల తరవాత వాకిట్లో వేసే రథం ముగ్గు తాడు వీధి పొడవునా ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి సాగిపోతుంది.